విడిపోయినవాళ్ల ఇంట్లో పెద్దవాళ్లు పోతే పలకరించడం ఎలా

మన గోదావరి జిల్లాల్లో పలకరింపు ఎప్పుడూ ఒక ప్రశ్నతోనే మొదలవుతుంది. చావింటి ముందు టెంటు కింద ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుంటాం, కాసేపు ఊరుకుంటాం, తర్వాత "ఎలా జరిగిందండీ?" అంటాం. ఇంక అవతలివాళ్లు చెప్పుకొస్తారు. రాత్రి మామూలుగానే భోంచేశారని, తెల్లారగట్ల ఆయాసం వచ్చిందని, కారు మాట్లాడి అమలాపురం తీసుకెళ్లేలోపే దారిలో అయిపోయిందని. అదే కథ ఆ రోజుకి ముప్పయ్యోసారి చెబుతుంటారు. చెప్పగా చెప్పగా వాళ్లకి కొంచెం తేలికపడుతుంది. మన దగ్గర పరామర్శ అంటే అదే. ఓదార్పు మాటలు మనం పెద్దగా చెప్పం, వాళ్ల చేత మాట్లాడిస్తాం.

మీతో విడాకులైన మనిషి దగ్గర ఈ పద్ధతి పనిచేయదు. మీరు "ఎలా జరిగింది" అని అడిగితే వాళ్లు జవాబు చెప్పాలి. చెబితే మీతో మాట కలిపినట్టు, చెప్పకపోతే చావింట్లో ఉండి కూడా పంతానికి పోయినట్టు. తండ్రో తల్లో పోయిన వారంలో ఆ ఇరకాటంలో పెట్టే హక్కు మీకు లేదు. కాబట్టి మీరు నేర్చుకోవాల్సింది ప్రశ్న లేని పలకరింపు. కింద చెప్పేదంతా దాని గురించే.

నాకు విడాకులై రెండేళ్లు దాటాక మామగారు పోయారు. రాజోలు వైపు ఒక లంక ఊరు వాళ్లది, నేనప్పటికి తణుకులో ఉంటున్నాను. విడిపోవడం మర్యాదగా ఏమీ జరగలేదు. పెద్దమనుషుల్లో కూర్చున్నాం, సారె సామాను లెక్కపెట్టుకున్నాం, కోర్టుకెళ్లాం. అందుకని ఇది ఆడమనిషి వైపు నుంచి రాస్తున్నాను. మగవాళ్లు వరసలు మార్చుకుని చదువుకుంటే సరిపోతుంది.

ముందు, వార్త సంగతి తేల్చుకోండి

ఈ వార్త మీకు నేరుగా రాదు. మీ పిన్ని కూతురో, వాళ్ల ఊళ్లో పెళ్లి చేసుకున్న మీ స్నేహితురాలో ఫోన్ చేసి "విన్నావా, మీ మామగారు పోయారంట" అంటారు. ఆ గొంతులో విచారం ఎంత ఉందో, మీరేమంటారో వినాలన్న కుతూహలం అంతకంతా ఉంటుంది. "అయ్యో, అవునా, ఎప్పుడు?" అని ఆపండి. ఆ ఫోన్లో మీరన్న మాట సాయంత్రానికి అక్కడికి చేరుతుంది. "ఏదో ఒకటిలే, ఆ మనిషి నన్ను పెట్టిన బాధకి" అన్నారనుకోండి, ఆ తర్వాత మీరు ఎంత మంచి మెసేజ్ పెట్టినా దండగే.

మనిషి ఎవరో కూడా నిర్ధారించుకోండి. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఊళ్లో ముగ్గురుంటారు. దండ వేసిన ఫొటో ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోనైనా కనిపిస్తే సరే. లేకపోతే ఆ ఊరి వాళ్లలో ఒక్కరిని, నోరు జారని మనిషిని చూసి, అడగండి. పెద్దకర్మ ఎప్పుడో ఆ మనిషినే అడిగేయండి, తర్వాత పనికొస్తుంది.

పలకరించకూడని సందర్భాలు

కోర్టు నుంచి మీ మీద రక్షణ ఉత్తర్వు ఉంటే, అంటే గృహహింస చట్టం కింద ఆ మనిషితో ఏ రకంగానూ మాట్లాడవద్దని ఆదేశం ఉంటే, చావు కబురు దానికి మినహాయింపు కాదు. మెసేజ్ కూడా మాట్లాడటం కిందికే వస్తుంది. కేసు నడుస్తూంటే మీ వకీలుకి ఒక మాట చెప్పి రాయండి. ఎందుకంటే మీరు పంపినది ప్రింటు తీసి కోర్టులో పెట్టొచ్చు. బాధలో "నా వల్ల కూడా తప్పులు జరిగాయి" అని ఒక వాక్యం రాస్తారు, మనోవర్తి కేసులో అది మీకే ఎదురు తిరుగుతుంది.

వాళ్లు "ఇంకెప్పుడూ ఫోన్ చెయ్యొద్దు" అని తేల్చి చెప్పి ఉన్నా, మీ నంబరు బ్లాక్ చేసి ఉన్నా అంతే. తమ్ముడి ఫోన్ నుంచి పంపడం, కొత్త సిమ్ము నుంచి పంపడం వద్దు. బ్లాక్ చెయ్యడం కూడా ఒక జవాబే కదా. అలాంటప్పుడు రెండిళ్లకీ కావలసిన ఒక పెద్దాయనతో, "పలకరించడానికి వెళ్లినప్పుడు నేనూ బాధపడ్డానని వీలైతే ఒక మాట అనండి, వీలుకాకపోతే వద్దు" అని చెప్పి వదిలేయండి. అన్నారా లేదా అని మళ్లీ అడగొద్దు.

మిమ్మల్ని కొట్టిన మనిషైతే మీరు పలకరించక్కర్లేదు. చావు పేరు చెప్పి మిమ్మల్ని ఎవరూ మొహమాటపెట్టకూడదు, మీ అమ్మగారైనా సరే.

ఇవేవీ కానప్పుడు, మిమ్మల్ని మీరు ఒక్కటి అడగండి. నేనీ మెసేజ్ పెట్టాక జవాబు ఎప్పటికీ రాకపోతే, పెట్టినందుకు బాధపడతానా? బాధపడతాననిపిస్తే మీరు పలకరించడం లేదు, ఇంకేదో కావాలనుకుంటున్నారు. ఇంకో రెండ్రోజులు ఆగి మళ్లీ అడగండి. నాకు ఆ రెండ్రోజులు పట్టింది.

ఏ రోజు, ఏ వేళ

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. వార్త తెలిసిన గంటలో పంపేస్తారు. మొదటి రోజు కర్మ చేసే కొడుకు ఫోన్ అతని దగ్గర ఉండదని గుర్తుంచుకోండి. బావమరిదో, పెదనాన్న కొడుకో పట్టుకుని తిరుగుతుంటాడు. పురోహితుడు, పాడె సామాను, కట్టెలు, హైదరాబాదు నుంచి బయల్దేరినవాళ్లు ఎక్కడిదాకా వచ్చారన్న ఫోన్లు, అన్నీ అతనే ఎత్తుతాడు. అమెరికాలో ఉన్న కూతురు రావాలంటే ఫ్రీజర్ బాక్స్ తెప్పించి ఒకటి రెండు రోజులు ఆపుతారు, అన్నాళ్లూ ఆ ఫోన్ అలాగే పదిమంది చేతుల్లో ఉంటుంది. మీ మెసేజ్ తెర మీద కనపడేది ముందు వాళ్లకి. అతను చూసేసరికి "మీ ఆవిడ మెసేజ్ పెట్టింది" అని ఇల్లంతా మాట్లాడేసుకుని ఉంటారు.

మూడో రోజున చితాభస్మం తీసుకుని కోటిపల్లికో, అంతర్వేదికో, రాజమండ్రి కోటిలింగాల రేవుకో వెళ్తారు. ఆ రోజూ వద్దు. పదో రోజు ధర్మోదకాలు, ఆ తర్వాత ఇంటి ఆచారాన్ని బట్టి ఒకటి రెండు రోజులకి పెద్దకర్మ, భోజనాలు. ఆ రెండు మూడు రోజులు ఊపిరాడదు. మిగిలింది నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా. పొద్దున్నే రేవు దగ్గర కర్మ, మధ్యాహ్నం ఒంటిపూట భోజనం, మూడింటి నుంచి పలకరింపులవాళ్లు. సాయంత్రం ఆరు ఆరున్నర దాటితే ఇల్లు కాస్త సద్దుమణుగుతుంది. అప్పుడు పంపండి. రాత్రి తొమ్మిది దాటాక మాత్రం పంపొద్దు. ఒకప్పటి భార్య దగ్గర్నుంచి రాత్రి పదిన్నరకి వచ్చిన మెసేజ్‌లో ఎంత సంతాపం ఉన్నా, అది పదిన్నర మెసేజే.

అప్పటికి వీలుకాలేదా, పెద్దకర్మ అయిన మర్నాడు కూడా మంచి రోజే. టెంట్ హౌస్ వాళ్లు కుర్చీలు ట్రాక్టర్లో వేసుకుని వెళ్లిపోయాక, చుట్టాలందరూ బస్సెక్కాక ఇల్లు బావురుమంటుంది. ఆ రోజు వచ్చిన రెండు వాక్యాలకి విలువ ఎక్కువ. కొందరు మంగళవారం, శుక్రవారం పరామర్శ పనికిరాదంటారు. మెసేజ్‌కి అది వర్తించదు అనుకోవచ్చు గానీ, ఆ ఇంట్లో పట్టింపు ఉందని మీకు తెలుసు కాబట్టి బుధవారం పంపితే పోయేదేముంది?

క్రైస్తవుల ఇళ్లలో ఈ లెక్క ఉండదు. సమాధి కార్యక్రమం త్వరగా అయిపోతుంది, తర్వాత ఆదరణ కూడిక పెట్టుకుంటారు. ఆ రెంటికీ మధ్య ఒక సాయంత్రం చూసుకోండి.

మెసేజ్ రాయడం

ఫోన్లో రాయకండి, కాగితం మీద రాయండి. ఫోన్లో రాస్తే చెయ్యి జారి వెళ్లిపోయే ప్రమాదం ఒకటి, 'టైపింగ్' అని అవతల కనిపించడం ఇంకొకటి.

నేను రాసుకున్న మొదటి కాగితం ఇంకా ఉంది. ఇదీ అది:

"నమస్కారం అండి. మామయ్యగారు పోయారని తెలిసి నమ్మలేకపోతున్నాను. ఎలా జరిగింది? మొన్నటిదాకా బాగానే ఉన్నారు కదా? మన మధ్య ఎన్ని జరిగినా ఆయన నన్ను కూతురిలాగే చూశారు. ఆఖరి చూపు కూడా దక్కలేదన్న బాధ నాకు ఎప్పటికీ ఉంటుంది. మీరు ధైర్యంగా ఉండండి. అత్తయ్యగారిని జాగ్రత్తగా చూసుకోండి. ఏ సాయం కావాలన్నా మొహమాటపడకుండా అడగండి. ఆయన ఆత్మకి శాంతి కలగాలి."

చదవడానికి బాగానే ఉంది కదా? నాకూ ఆ రాత్రి బాగానే అనిపించింది. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒకప్పటి మా ఆయన కళ్లతో చదివాను. ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాను.

రెండు ప్రశ్నలున్నాయి. అవి ముందు పోయాయి.

"మన మధ్య ఎన్ని జరిగినా" అన్నది చాలా పెద్దమనిషి మాటలా కనిపిస్తుంది. కానీ ఆ నాలుగు మాటలు చదవగానే ఆయనకి ఆ "ఎన్నో" అన్నీ వరసగా గుర్తొస్తాయి. తండ్రి పోయిన వారంలో ఆ ఫైలు నేనెందుకు తెరవాలి? అదీ కొట్టేశాను. "కూతురిలా చూశారు" అన్నది పూర్తి నిజం కాదు. పెద్దమనుషుల్లో ఆయన నా వైపు మాట్లాడలేదు, మాట్లాడరు కూడా, కొడుకు పక్కన కూర్చున్న తండ్రి కదా. అది ఆ కొడుక్కీ తెలుసు, నాకూ తెలుసు. చనిపోయినవాళ్ల గురించి లేనిది రాస్తే చదివేవాళ్లకి వెటకారంలా తగులుతుంది.

"ఆఖరి చూపు దక్కలేదు" అన్నది నిష్ఠూరం. నాకు ఎందుకు కబురు చెయ్యలేదు అని అడిగినట్టే. పైగా ఇప్పుడు ఆయన నన్ను ఓదార్చాలి. "ధైర్యంగా ఉండండి, అత్తయ్యగారిని చూసుకోండి" అన్నవి ఆ ఇంటి కోడలు చెప్పాల్సిన మాటలు. ఆ చనువు నాకిప్పుడు లేదు. "ఏ సాయం కావాలన్నా" అని నేనంటే మాత్రం ఆయన అడుగుతారా? అడగలేని మనిషికి సాయం చేస్తాననడం మనకి మనం మంచి మార్కులు వేసుకోవడమే.

చివరి వాక్యం వల్ల నష్టమేమీ లేదు. కాకపోతే ఊరి సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ మీద అదే ఉంటుంది, ఊరి గ్రూపులో రెండొందల మంది అదే పెడతారు, దండం బొమ్మతో సహా. తీసేశాను.

మొత్తం కొట్టేశాక మిగిలింది ఒక్కటే, ఆయన పోయారని నాకు తెలిసిందన్న సంగతి. దానికి ఒక్క జ్ఞాపకం చేర్చాలి. నిజంగా కష్టం ఇక్కడే, ఎందుకంటే ఆ ఇంట్లో మీకున్న జ్ఞాపకాలన్నిట్లో మీరిద్దరూ ఉంటారు. మీరిద్దరూ లేని జ్ఞాపకం వెతకాలి. పోయినవాళ్లు ఇంకెవరికోసమో చేసిన పని అయితే ఇంకా మంచిది. అది అతను కూడా కళ్లారా చూసినదై ఉండాలి, అప్పుడే చదవగానే మనిషి కళ్ల ముందుకొస్తారు. ఆఖరి జబ్బు గురించి వద్దు, మీ పెళ్లి నాటి ముచ్చట అసలే వద్దు.

నాకు 2022 జూలై వరద గుర్తొచ్చింది. లంక ఊళ్లవాళ్లకి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం అంకెలు నోటికొచ్చు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ ఏడు మూడోదీ దాటేసింది. మా మామగారు ఆ రాత్రి ఒక్క క్షణం పడుకోలేదు. టార్చిలైటు పట్టుకుని గట్టు మీదకీ ఇంటికీ తిరుగుతూనే ఉన్నారు. పుంతలో నీళ్లు పైకి రావడం చూసి, మా గేదెలతో పాటు ముసలాయనొక్కడే ఉండే పక్కింటివాళ్ల గేదెల్ని కూడా మెరక మీదకి తోలించారు. తెల్లారి పంచె మోకాళ్ల దాకా బురదతో వచ్చి, "టీ పెట్టండమ్మా, దాని దూడ కూడా దక్కింది" అన్నారు. నేనేమో ఆ టీ గురించి కూడా రాద్దామనుకున్నాను. టీ పెట్టింది నేను కాబట్టి అదీ తీసేశాను.

చివరికి పంపింది ఇది:

"నేను (నా పేరు). మీ నాన్నగారు పోయారని తెలిసింది. వరదప్పుడు రాత్రంతా టార్చిలైటు పట్టుకుని గట్టు మీద తిరిగి, పక్కింటి గేదెల్ని కూడా మెరక మీదకి తోలించిన మనిషి. ఆయన మీకెంతో నాకు తెలుసు. దీనికి జవాబు రాయక్కర్లేదు."

పేరు ఎందుకంటే, నా నంబరు వాళ్ల ఫోన్లో ఉందో తీసేశారో తెలియదు. "ఎవరండీ?" అని అడిగించుకోవడం ఇద్దరికీ బాగోదు. చివరి వాక్యం ఎందుకంటే, అది లేకపోతే మొత్తం మెసేజే ఒక ప్రశ్న అయిపోతుంది. "జవాబు ఆశించడం లేదు" అని మాత్రం రాయకండి, అందులో అలక వినిపిస్తుంది.

పోయింది అత్తగారైతే వంటింటి జ్ఞాపకాలు ఎక్కువ వస్తాయి. "ఆవిడ చేతి పనసపొట్టు కూర మర్చిపోలేను" అంటే మీరు ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నట్టే. "ఊళ్లో ఏ శుభకార్యమైనా పనసపొట్టు కూరలో ఆవ పెట్టే వేళకి ఆవిడ కోసం కబురొచ్చేది" అని రాస్తే అందులో ఆవిడొక్కరే ఉంటారు.

పిలుపుల దగ్గర జాగ్రత్త

తెలుగులో నోరు తెరిస్తే వరస చెప్పాలి, అదే తిప్పలు. నేను మొదట "మామయ్యగారు" అని రాసి, తర్వాత "మీ నాన్నగారు" అని దిద్దాను. విడాకులయ్యాక కూడా ఆయన మీతో ఫోన్లో మాట్లాడుతూ ఉంటే, పండక్కి పిల్లకి బట్టలు పంపుతూ ఉంటే "మామయ్యగారు" అనొచ్చు, ఆ వరస ఆయనే నిలబెట్టారు. లేకపోతే "మీ నాన్నగారు" మంచిది. "మీ ఫాదర్" అనకండి, ఆఫీసులో ఎవరికో చెప్పినట్టుంటుంది. "పోయారు" అన్నది మన వాడుకలో గౌరవంగానే ఉంటుంది. "కాలం చేశారు" అన్నా సరే. "స్వర్గస్తులయ్యారు", "పరమపదించారు" కార్డు మీదకి బాగుంటాయి, మీ మెసేజ్‌లోకి పొడుగైపోతాయి.

అవతలి మనిషిని ఏమనాలి? ఇన్నేళ్లూ "ఏవండీ" అన్నవాళ్లు దాన్ని వదిలేసి వాక్యంలో "మీరు", "మీకు" వాడితే చాలు, పిలుపే అక్కర్లేదు. "బావా" అని పిలిచినవాళ్లకీ ఇదే. పెళ్లికి ముందు నుంచీ నువ్వు, నువ్వు అనుకున్నవాళ్లు మాత్రం ఉన్నట్టుండి "మీరు"లోకి వెళ్తే దెప్పినట్టుంటుంది. మర్యాదగా మాట్లాడుకున్న ఆఖరి రోజుల్లో ఏ మాట వాడారో అదే వాడండి. లిపికీ అదే సూత్రం. ఎప్పుడూ ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసుకున్నవాళ్లు అలాగే రాయండి.

పోయినవాళ్లు మిమ్మల్ని బాగా కష్టపెట్టిన మనిషైతే జ్ఞాపకం జోలికి పోవద్దు. "నేను ఫలానా. మీ అమ్మగారు పోయారని తెలిసింది. ఆవిడ మీకెంతో నాకు తెలుసు. జవాబు రాయక్కర్లేదు." ఇందులో అబద్ధం లేదు. మీ అత్తగారు మీకేం చేశారన్నది మీ లెక్క, అతనికి అమ్మ పోయిందన్నది వేరే లెక్క.

పంపే ముందు ఒక్క నిమిషం

మీ డీపీ చూసుకోండి. మెసేజ్ రాగానే అవతలివాళ్లు ముందు నొక్కేది దాన్నే. అరకు వెళ్లినప్పుడు దిగిన నవ్వు మొహం ఫొటో, కొత్త సంబంధం ఫొటో ఉంటే ముందే మార్చండి, పంపే క్షణంలో మారిస్తే అదీ కనిపిస్తుంది. ఆ పూట స్టేటస్ పెట్టకండి, సంతాపం స్టేటస్ కూడా. ఊరి గ్రూపులోనో, వాళ్ల చెల్లెలి పోస్టు కిందో పెట్టకండి. వాయిస్ మెసేజ్ వద్దు, ఆ ఇంట్లో అది స్పీకర్లో మోగుతుంది.

వెళ్లాలా?

నా సలహా, వెళ్లొద్దు. మా పెదనాన్నగారబ్బాయి వెళ్లాడు. విడాకులైన ఏడాదికి అతని మామగారు పోతే, మూడో రోజు పళ్ల సంచి పట్టుకుని పాలకొల్లు బస్సెక్కాడు. మంచి మనసుతోనే. టెంటు కింద కూర్చుని అలవాటు ప్రకారం "ఎలా జరిగిందండీ?" అన్నాడు. అత్తగారు ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. "నీ దిగులుతోనే పోయారు బాబూ" అనేశారు. లోపల్నుంచి బావమరుదులు వచ్చారు. ఆ తర్వాత జరిగింది రాయను గానీ, పలకరించడానికి వచ్చిన ఊరివాళ్లందరికీ చావు సంగతి పక్కకిపోయి విడాకుల సంగతి మొదలైంది. ఆ అమ్మాయి తండ్రి కోసం ఏడవాల్సిన పూట ఇతన్ని గుమ్మం దాటించడానికి సరిపోయింది.

దీనికి రెండు మినహాయింపులున్నాయి. మేనరికంలో మేనమామ కొడుకుని చేసుకున్నవాళ్లైతే, పోయిన మనిషి మామగారు కాకముందు మీ సొంత మేనమామ. మీ అమ్మగారికి తోడబుట్టినవాడు పోయినట్టు. అప్పుడు మీరు మాజీ కోడలిగా కాదు, మేనకోడలిగా మీ అమ్మగారి పక్కన వెళ్తారు, ఆవిడ పక్కనే కూర్చుంటారు, ఆవిడతోనే వచ్చేస్తారు. లోపలి గదుల్లోకి, వంటింట్లోకి వెళ్లకుండా ఉంటే చాలు.

రెండోది పిల్లలు. మీ దగ్గర పెరుగుతున్న పిల్లవాడికి ఆయన తాతయ్య, ఆ సంబంధాన్ని ఏ కోర్టూ రద్దు చెయ్యలేదు. చివరిచూపుకి పంపమని కబురొస్తే పంపండి. రాకపోయినా మీరే పెద్దవాళ్ల ద్వారా "పిల్లాడిని తీసుకురమ్మంటారా?" అని అడిగించండి. ఈ వ్యవహారం మొత్తంలో మీరు అడగదగ్గ ప్రశ్న ఇదొక్కటే. మీరు తీసుకెళ్లడం కంటే మీ నాన్నగారో, మేనమామో తీసుకెళ్లడం మేలు. తలుపు దగ్గర ఎవరికి అప్పజెప్పాలి, ఎన్నింటికి తిరిగి తీసుకురావాలి అన్నది ముందే మాట్లాడుకోండి. పదో రోజు ధర్మోదకాలకి మనవడు ఉండాలని వాళ్లు కోరితే బడి ఒక రోజు మానినా ఫరవాలేదు. పిల్లాడితో సందేశాలు పంపకండి, తిరిగొచ్చాక "అక్కడ ఎవరెవరొచ్చారు, మీ నాన్న ఏమన్నాడు" అని ఆరాలు తియ్యకండి. వాడు చెబితే వినండి.

వెళ్లక తప్పకపోతే భోజనాల రోజు వెళ్లొద్దు. వచ్చేటప్పుడు "వెళ్లొస్తానండి" అనకూడదని మీకు తెలుసు కదా, చావింట్లో ఆ మాట ఎవరూ అనరు. లేచి దణ్ణం పెట్టి వచ్చేయడమే. మీకు ఆ పద్ధతి ఎంతో కలిసొస్తుంది.

పంపాక

రెండు నీలం టిక్కులు పడతాయి, అంతే. రోజూ తెరిచి చూడకుండా ఆ చాట్‌ని పక్కన పడేయండి.

"థాంక్స్" అనో, దండం బొమ్మో వస్తే అక్కడితో పూర్తయింది. దానికి మళ్లీ బదులు పెట్టొద్దు. కోపంగా వస్తే, "ఇప్పుడు గుర్తొచ్చామా" లాంటిది, ఊరుకోండి. దుఃఖంలో ఉన్నవాళ్లు ఎవరి మీద విసుక్కోవాలా అని చూస్తుంటారు, మీరు దొరికారు. ఇబ్బంది అంతా అర్ధరాత్రి పొడుగాటి మెసేజ్ వచ్చినప్పుడు. నాన్న ఆఖర్లో నీ గురించి అడిగారని, తప్పంతా నాదేనని, ఒకసారి మాట్లాడాలని. అందులో నిజం ఉండొచ్చు. ఆ రాత్రి ఏమీ రాయొద్దు. మర్నాడు పగలు, "చదివాను. ఈ రోజులు గడవనివ్వండి" అని ఒక్కసారి రాసి ఆపండి. నెల మాసికం దాటాక కూడా మాట్లాడాలనే అంటే అప్పుడు ఆలోచించుకోవచ్చు, అది వేరే సంగతి.

నాకు పదహారు రోజులకి జవాబొచ్చింది, ఆయన నుంచి కాదు, ఆడపడుచు నుంచి. "వదినా" అని మొదలుపెట్టి చెరిపేసినట్టుంది, ఒక మెసేజ్ డిలీట్ అయి ఉంది. కింద, "నాన్న ఫొటో మంచిది ఒక్కటీ లేదు, మీ దగ్గరేమైనా ఉందా" అని ఉంది.

ఇది చాలా ఇళ్లలో జరుగుతుంది. పెద్దవాళ్లు విడిగా ఫొటో దిగరు. గోడకి కట్టే ఫ్రేముకి వెతికితే ఆధార్ కార్డు ఫొటో తప్ప ఏమీ దొరకదు. మంచి బట్టల్లో, నవ్వుతూ ఉన్నది మీ పెళ్లి ఆల్బంలోనే ఉంటుంది. ఆ ఆల్బం మీ అటక మీద ఉంటుంది. మీ అంతట మీరు పంపకండి, మొదటి మెసేజ్‌తో అసలే పంపకండి. అడిగితే మాత్రం వెంటనే పంపండి. ఆల్బం పేజీకి ఫోన్ పెట్టి తీస్తే లైటు మెరుపు పడుతుంది, పగలు కిటికీ పక్కన పెట్టి తీయండి, లేదా ఫొటో స్టూడియోలో స్కాన్ చేయించండి. ఒకటి కాదు, రెండు మూడు పంపండి, ఎంచుకుంటారు. పంపే ముందు మీరున్న వైపు కత్తిరించేయండి. కత్తిరించాక ఒకసారి పెద్దది చేసి చూడండి, ఆయన భుజం మీద మీ గాజుల చెయ్యి మిగిలిపోయి ఉండొచ్చు.